పర్మాంగనేట్ అంశమాపనం: ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థులకు ప్రయోగ మార్గదర్శిని

ఉద్దేశం: ప్రమాణ ఆక్సాలిక్ ఆమ్ల ద్రావణం సాయంతో, మీకిచ్చిన పొటాషియం పర్మాంగనేట్ ద్రావణం మొలారిటీని కనుక్కోవడం.

పర్మాంగనేట్‌ను నేరుగా తూచి ప్రమాణ ద్రావణం చేయలేం. అందులో మాంగనీస్ డయాక్సైడ్ జాడలు ఉంటాయి, పైగా నీటిలోని సేంద్రియ మలినాలతో అది మెల్లగా చర్య జరుపుతూ ఉంటుంది. ఆక్సాలిక్ ఆమ్లం డైహైడ్రేట్ (H₂C₂O₄·2H₂O) శుద్ధమైన స్ఫటికాలుగా దొరుకుతుంది, తూకంలో నిలకడగా ఉంటుంది. అందుకే దాన్ని తూచి, దానితో పర్మాంగనేట్‌ను కొలుస్తాం.

2KMnO₄ + 5H₂C₂O₄ + 3H₂SO₄ → K₂SO₄ + 2MnSO₄ + 10CO₂ + 8H₂O

లెక్కంతా ఈ సమీకరణంలోని 2, 5 మీదే నిలబడుతుంది.

ముందుగా జాగ్రత్తలు

ఆక్సాలిక్ ఆమ్లం విషపదార్థం. పిపెట్‌ను నోటితో పీల్చకండి, రబ్బరు బల్బు వాడండి. సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని విలీనం చేసేటప్పుడు నీటిలోకి ఆమ్లం పోయాలి, ఆమ్లంలోకి నీరు పోయకూడదు. కళ్లద్దాలు పెట్టుకోండి. బ్యూరెట్‌కు గాజు కాక్ ఉండాలి. రబ్బరు గొట్టం, బిగింపు ఉన్న బ్యూరెట్ ఈ ప్రయోగానికి పనికిరాదు, పర్మాంగనేట్ రబ్బరును ఆక్సీకరణం చేస్తుంది.

ప్రయోగ విధానం

ప్రమాణ ద్రావణం: 0.05 M ద్రావణం 250 మి.లీ.కు 1.576 గ్రా. ఆక్సాలిక్ ఆమ్లం కావాలి. సరిగ్గా అంతే తూగాలని గింజలు తీస్తూ, వేస్తూ కాలం వృథా చేయకండి. దానికి దగ్గరగా తూగితే చాలు, తూగిన బరువును ఉన్నదున్నట్టు రాసుకోండి. బీకరులో కొద్ది నీటితో కరిగించి, గరాటు ద్వారా 250 మి.లీ. ప్రమాణ కుప్పెలోకి మార్చండి. బీకరును, గరాటును రెండు మూడుసార్లు కడిగి ఆ నీటినీ కుప్పెలోకే పోయండి. గుర్తు దాకా నీరు నింపి, మూత బిగించి, కుప్పెను తలకిందులు చేస్తూ బాగా కలపండి.

బ్యూరెట్: నీటితో కడిగాక, కొద్దిపాటి పర్మాంగనేట్ ద్రావణంతో రెండుసార్లు తొలిచి పారబోయండి. నింపాక కాక్ తెరిచి, కింది ముక్కులో చిక్కుకున్న గాలి బుడగను బయటికి తోసేయండి. గరాటు తీసేశాకే మొదటి రీడింగ్ రాయండి. పర్మాంగనేట్ ముదురు రంగులో మెనిస్కస్ అడుగు కనిపించదు కాబట్టి పై అంచును చదవాలి. మొదట పై అంచు చదివితే చివరా పై అంచే చదవాలి.

పిపెట్: ఆక్సాలిక్ ఆమ్లంతో తొలిచి, 20 మి.లీ. శాంకవ కుప్పెలోకి వదలండి. పిపెట్ కొనలో మిగిలిన చుక్కను ఊదకండి, కుప్పె గోడకు కొన తాకించి ఆగితే చాలు. శాంకవ కుప్పెను మాత్రం స్వేదన జలంతోనే కడగాలి. అందులో నీటి తడి ఉన్నా నష్టం లేదు, పిపెట్ వదిలిన మోల్‌ల సంఖ్య దానివల్ల మారదు.

అంశమాపనం: కుప్పెలో సుమారు 2 M సల్ఫ్యూరిక్ ఆమ్లం 20 మి.లీ. కలపండి. ఉష్ణమాపకం పెట్టి 60–70 °C దాకా వేడి చేయండి, మరిగించకండి. కుప్పె కింద తెల్ల పలక ఉంచండి.

ఇప్పుడు మొదటి ఒక మిల్లీలీటరు వదిలి ఆగండి. గులాబీ రంగు వెంటనే పోదు. వేడి చాలలేదేమోనని కంగారుపడి ఇంకా పోయకండి. చర్యలో పుట్టే Mn²⁺ అయాన్లే ఈ చర్యకు ఉత్ప్రేరకం, మొదట్లో అవి లేవు. కుప్పెను తిప్పుతూ ఆ తొలి రంగు పూర్తిగా పోయేదాకా ఓపిక పట్టండి. ఆ తర్వాత పడిన చుక్క పడినట్టే రంగు మాయమవుతుంది. ఈ ప్రయోగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. పాఠంలో చదివిన స్వయం ఉత్ప్రేరణం కళ్లెదుటే జరుగుతుంది.

రంగు పోవడం నెమ్మదించాక చుక్క చుక్కగా వదలండి. లేత గులాబీ రంగు 30 సెకన్లు నిలిస్తే అదే అంతిమ బిందువు. వేరే సూచిక అక్కర్లేదు. గోధుమ రంగు వస్తే ఆమ్లం చాలలేదు, లేదా వేడి తగ్గింది, లేదా తొందరగా పోశారు. ఆ కుప్పెను పారబోసి మళ్లీ మొదలుపెట్టండి.

రీడింగులు, లెక్క

కింది నమూనాలో మీ అంకెలు పెట్టుకోండి. వరుస మార్చకండి.

తూగిన ఆక్సాలిక్ ఆమ్లం = 1.592 గ్రా., మోలార్ ద్రవ్యరాశి = 126.07

| | తొలి రీడింగ్ | తుది రీడింగ్ | వాడిన KMnO₄ (మి.లీ.) |
|---|---|---|---|
| ఉజ్జాయింపు | 0.0 | 20.4 | 20.4 |
| 1 | 0.0 | 19.9 | 19.9 |
| 2 | 19.9 | 39.7 | 19.8 |
| 3 | 0.2 | 20.0 | 19.8 |

ఏకీభవించిన విలువ: 19.8 మి.లీ.

ఆక్సాలిక్ ఆమ్లం మొలారిటీ, M₂ = 1.592 ÷ 126.07 × 1000 ÷ 250 = 0.05051 M

M₁V₁ / 2 = M₂V₂ / 5

M₁ = (2 × 0.05051 × 20.0) ÷ (5 × 19.8) = 0.02041 M

లీటరుకు గ్రాములు = 0.02041 × 158.03 = 3.23

జవాబు తేడాగా వస్తే బ్యూరెట్‌ను అనుమానించే ముందు లెక్కను చూడండి. ఇవే రీడింగులతో 0.051 వచ్చిందంటే 2, 5 గుణకాలు వదిలేశారు. 0.128 వస్తే వాటిని తారుమారు చేశారు. 0.0286 వస్తే స్ఫటిక జలం మరచి 126కు బదులు 90 వాడారు.

దోష విశ్లేషణ

రికార్డులో ‘మానవ తప్పిదం వల్ల’ అని రాస్తే ఏమీ చెప్పనట్టే. ప్రతి దోషానికీ ఒక దిశ ఉంటుంది. కుప్పెలో ఆక్సాలిక్ ఆమ్లం మోల్‌లు మారాయా, బ్యూరెట్ రీడింగ్ మారిందా అని అడగండి. V₁ పెరిగితే M₁ తగ్గుతుంది, V₁ తగ్గితే M₁ పెరుగుతుంది.

M₁ తక్కువగా వచ్చే సందర్భాలు: బ్యూరెట్‌లో నీరు మిగిలి పర్మాంగనేట్ పలచబడటం, గాలి బుడగ మధ్యలో బయటపడటం, శాంకవ కుప్పెను ఆక్సాలిక్ ఆమ్లంతో తొలవడం, పిపెట్ కొనలోని చుక్కను ఊదేయడం. సల్ఫ్యూరిక్ ఆమ్లానికి బదులు హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడినా అంతే, క్లోరైడ్‌ను ఆక్సీకరణం చేయడానికి కూడా పర్మాంగనేట్ ఖర్చవుతుంది. గోధుమ రంగు MnO₂ ఏర్పడితే మాంగనీస్ అయిదు ఎలక్ట్రాన్లకు బదులు మూడే తీసుకుంటుంది, కాబట్టి పర్మాంగనేట్ ఎక్కువ పడుతుంది.

M₁ ఎక్కువగా వచ్చే సందర్భాలు: పిపెట్‌లో నీరు మిగలడం, గరాటు తీయకపోవడంతో దాన్నుంచి చుక్కలు బ్యూరెట్‌లో పడటం, కుప్పెను మరిగించడంతో ఆక్సాలిక్ ఆమ్లం కొంత విఘటనం చెందడం. నైట్రిక్ ఆమ్లం తానే ఆక్సీకరణి కనుక అదీ ఇటువైపే లాగుతుంది.

కన్ను మెనిస్కస్ కన్నా పైన ఉంటే రీడింగ్ తక్కువగా కనిపిస్తుంది. రెండుసార్లూ ఒకేలా పొరబడితే వ్యత్యాసంలో అది చాలావరకు కొట్టుకుపోతుంది. ఒకసారి నిలబడి, ఒకసారి వంగి చూస్తే కొట్టుకుపోదు.

ఇక ఎంత జాగ్రత్తపడ్డా మిగిలే అనిశ్చితి. బ్యూరెట్ రీడింగ్ ఒక్కోటి ±0.05 మి.లీ., రెండు కలిపి 0.1, 19.8లో అది 0.51%. మనం వాడే పిపెట్ హద్దు ±0.06 మి.లీ., అంటే 0.30%. ప్రమాణ కుప్పె ±0.30 మి.లీ., 0.12%. తూకం రెండు రీడింగులకు 0.002 గ్రా., 0.13%. అన్నీ ఒకే వైపు కలిసినా మొత్తం 1.06%, అంటే సుమారు ±0.0002 M. ఇందులో దాదాపు సగం బ్యూరెట్‌దే. అందుకే త్రాసు దగ్గర పావుగంట కష్టపడి, చివర్లో ఒక చుక్క ఎక్కువ వదిలితే లాభం లేదు. ఒక్క చుక్క సుమారు 0.05 మి.లీ., అదే 0.25%.

ఫలితం రాయాల్సిన తీరు: KMnO₄ మొలారిటీ = 0.0204 ± 0.0002 M. కాలిక్యులేటర్ చూపిన మిగతా అంకెలు రాయకండి. 19.9 రీడింగ్‌ను చెరిపి 19.8గా దిద్దకండి. పట్టికలో దాన్ని అలాగే ఉంచి, ఏకీభవించిన రెండింటినే లెక్కకు తీసుకున్నట్టు కింద ఒక వాక్యం రాయండి.