శత్రువులు తప్పినందుకా, పదే పదే వచ్చినందుకా?

గుంటూరు మిరప తోటల్లో 2021లో నల్ల తామర పురుగు పూతలో చేరి పూత రాల్చేసినప్పుడు ఎక్కడ విన్నా ఒకటే మాట: బయటి పురుగు, దీన్ని తినేది ఇక్కడ లేదు. సగం నిజం. ఇదే పురుగును 2015లోనే బెంగళూరులో బొప్పాయి మీద గుర్తించారు. తామర పురుగుల్ని తినే ఓరియస్ నల్లులు మన తోటలకు కొత్తవేమీ కావు. వారం వారం మందు కొడితే అవీ మిగలవు. అంటే ఇక్కడ ‘శత్రువు లేకపోవడం’ సముద్రం దాటినందువల్లా, స్ప్రేయర్ వల్లా అన్నది తేలాలి. నారుతో పాటు ఊరూరికీ ఎన్నిసార్లు చేరిందన్నది ఇంకో ప్రశ్న. పరాయి జీవులు ఎందుకు గెలుస్తాయన్న చర్చంతా ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతోంది. నా అభిప్రాయంలో వీటిని పోటీదారులుగా చూడటమే పొరపాటు: రెండోది ప్రవేశాన్ని వివరిస్తుంది, మొదటిది విస్తరణను.

శత్రువులు వెనకే ఉండిపోయినందునే పరాయి జీవి కొత్తచోట గెలుస్తుందనే శత్రు విముక్తి ఆలోచన పాతదే. జీవావరణ శాస్త్రవేత్త చార్లెస్ ఎల్టన్ 1958 పుస్తకంలో దాని ఛాయలున్నాయి. కీన్, క్రాలీ 2002లో దాన్ని పరీక్షించదగిన రూపంలో పెట్టారు. వాళ్ల వాదనకు మూడు కాళ్లు. ఆ మొక్కనే తినే ప్రత్యేక శత్రువులు కొత్తచోట ఉండవు. స్థానిక మొక్కల ప్రత్యేక శత్రువులు దీని మీదికి మారడం అరుదు. ఏదైనా తినే జీవులు స్థానిక మొక్కల్నే ఎక్కువ దెబ్బతీస్తాయి. మూడింట్లో ఏది విరిగినా వాదన కుంటుతుంది. ఎక్కువగా విరిగేది మూడోదే. పరాయి మొక్కలు స్థానికుల కన్నా తక్కువ దెబ్బతింటాయన్నది చాలా పోలికల్లో నిలవలేదు.

లెక్కలు మాత్రం ఆకట్టుకుంటాయి. యూరప్ నుంచి అమెరికా చేరిన 473 మొక్కల జాతుల్ని మిచెల్, పవర్ 2003లో పోల్చారు. కొత్త నేలలో ఒక్కో జాతికి సోకే శిలీంధ్రాలు సగటున 84 శాతం, వైరస్‌లు 24 శాతం తక్కువ. అదే ఏడాది టార్చిన్ బృందం 26 జంతుజాతుల్లో పరాన్నజీవుల్ని లెక్కిస్తే సొంతగడ్డ మీద రెట్టింపు కనిపించాయి. చిక్కు ఎక్కడంటే, ఖండమంతటి శత్రువుల్ని కూడి ఒక మూల నుంచి బయలుదేరిన మొక్కతో పోలిస్తే లోటు పెద్దదిగానే కనబడుతుంది. పైగా శత్రువుల పేర్లు తగ్గితే నష్టం తగ్గినట్టు కాదు. ఉన్న పది శత్రువుల్లో మొక్క సంఖ్యను అదుపులో పెట్టేది ఒక్కటే కావచ్చు.

అందుకే జాబితా కన్నా ప్రయోగానికి విలువ ఎక్కువ. డివాల్ట్ బృందం 2004లో క్లిడెమియా అనే పొదమొక్కను సొంతచోటు కోస్టారికాలోనూ, దండెత్తిన చోటు హవాయిలోనూ నాటి పురుగుమందు, తెగులుమందు కొట్టింది. కోస్టారికా అడవి నీడలో రెండు మందులూ కొట్టిన మొక్కల మనుగడ 41 శాతం పెరిగింది; హవాయిలో తేడా లేదు. వదిలించడానికి అక్కడ శత్రువే లేదు మరి. బొప్పాయి పిండినల్లి ఇంకా సూటి సాక్ష్యం: 2008లో కోయంబత్తూరులో కనబడింది, 2010లో ప్యూర్టోరికో నుంచి తెచ్చిన దాని శత్రువు ఎసెరోఫాగస్ కందిరీగను వదిలాక నెలల్లో లొంగింది.

ఇక ప్రాపగ్యూల్ ఒత్తిడి. ప్రాపగ్యూల్ అంటే కొత్తచోట జీవితం మొదలుపెట్టగల విత్తనం, పిలక, గుడ్డు, జంట చేపలు, ఏదైనా. ఒత్తిడిలో రెండు భాగాలు: ఒక్కోసారి ఎన్ని వచ్చాయి, ఎన్నిసార్లు వచ్చాయి. ఒక్కోటి నిలదొక్కుకునే అవకాశం p, వచ్చినవి N అయితే, కనీసం ఒక్కటి నిలిచే అవకాశం ఇది:

```
P = 1 - (1 - p)^N
```

p = 0.01 అనుకోండి. 10 వస్తే P 9.6 శాతం, 100 వస్తే 63.4, 300 వస్తే 95.1. జాతిలో ఏ గొప్పతనమూ లేకుండానే గెలుపు వచ్చేసింది. కొలాటి, గ్రిగొరొవిచ్, మకైజాక్ 2006లో దీన్నే శూన్య ప్రతిపాదనగా పెట్టమన్నారు. ముందు ఈ లెక్క తీసేయాలి, మిగిలిన దానికే వేరే కారణం వెతకాలి. నేను ఈ పక్షమే.

సూత్రం ఒక్కోటి విడిగా బతుకుతుందని అనుకుంటుంది. జత కావలసిన జీవికి అది చెల్లదు. ఒకేసారి 200 వదిలితే జత దొరుకుతుంది గానీ, ఆ ఏడు వరదొస్తే అన్నీ పోతాయి. 20 సార్లు పదేసి వదిలితే వరద తప్పుతుంది, జత దొరకదు. ఎన్ని పక్షుల్ని ఎన్నిసార్లు వదిలారో రాసిపెట్టుకున్న న్యూజిలాండ్ విషయంలో ప్రవేశపెట్టే ప్రయత్నమే విజయాన్ని బాగా వివరించింది. మన దగ్గర విఫలమైన రాకల్ని ఎవరూ రాసిపెట్టరు. అక్వేరియం నుంచి కాలువలో పారేసిన చేపల్లో చచ్చినవి ఎన్నో ఎవరికి తెలుసు?

ఈ రెండూ ఒకే ఓడలో వస్తాయన్నది తరచూ మరిచిపోయే సంగతి. తక్కువ వస్తే శత్రువులు వెనకే ఉండిపోతాయి. పదే పదే వస్తే అవీ ఎక్కుతాయి. 2016లో పొల్లాచ్చిలో కనబడిన కొబ్బరి సర్పిలాకార తెల్లదోమకు శత్రువైన ఎన్‌కార్సియా కందిరీగను ఎవరూ దిగుమతి చేయలేదు, దోమతోనే చేరింది. కాబట్టి ప్రాపగ్యూల్ ఒత్తిడి పెరిగితే ప్రవేశం సులువవుతుంది, విముక్తి తగ్గుతుంది.

విజయవాడ కాలువల్లో గుర్రపుడెక్క దగ్గర ఈ చిక్కంతా కళ్లెదుట ఉంటుంది. దీన్ని తినే నియోకెటినా ముక్కుపురుగును 1980ల్లోనే మన దేశానికి తెచ్చారు. ఆకు పైపొరను గీకి అది వదిలే రెండు మూడు మిల్లీమీటర్ల గోధుమ మచ్చల్ని చూస్తే ఉనికి తెలుస్తుంది. అసలు నష్టం లార్వాది: కాడలో సొరంగం తవ్వుతూ మొదలు దాకా దిగుతుంది, తర్వాత వేళ్ల దగ్గర గూడు కడుతుంది. ఒక తరానికి దాదాపు మూడు నెలలు. మొక్క రెట్టింపు కావడానికి ఒకటి రెండు వారాలు చాలు. మురుగు కలిసిన నీటిలో ఈ పందెం మొక్కదే. యంత్రంతో మొక్కను ఎత్తి గట్టున వేస్తే పురుగూ గట్టునే ఎండుతుంది. ఎగువ నుంచి కొట్టుకొచ్చే నాలుగు పిలకలతో మళ్లీ మొదలు, ఈసారి శత్రువు లేకుండా.

దీన్ని విడదీయడానికి 500 లీటర్ల సిమెంటు తొట్లు 36 చాలు. మొదట 2, 10 లేదా 40 మొక్కలు. పురుగు ఉన్నవి, లేనివి. ఒక్కో కలయికకు ఆరు తొట్లు. నత్రజని, భాస్వరం అన్నింట్లో సమానం. 120 రోజులు నడపాలి; మూడు నెలలకు తగ్గితే పురుగు ఒక తరం కూడా పూర్తి కాదు. వారానికోసారి పిలకలు, మచ్చలు, కప్పిన విస్తీర్ణం లెక్కించాలి. చెడేది సాధారణంగా పురుగు చేరకుండా కొట్టే మందు దగ్గర: అది మొక్కను కూడా కొంచెం కుంగదీయొచ్చు, కాబట్టి పురుగూ మందూ రెండూ లేని ఆరు తొట్లు అదనంగా కావాలి. దోమతెర వేస్తే వెలుతురు తగ్గుతుంది. వేస్తే అన్నింటికీ వేయాలి. 2 మొక్కల తొట్టీ 40 మొక్కల తొట్టీ 120వ రోజుకు ఒకేలా నిండితే, గుర్రపుడెక్క విషయంలో సంఖ్య వాదన ప్రవేశం దగ్గరే ఆగిపోయినట్టు. ఆ తర్వాతి నెలల్లో తేడా ఉంటే అది ఆకు మీది మచ్చల లెక్కలో కనబడాలి.