మొదటిసారి పాస్‌పోర్టు: నువ్వు పంపిన స్క్రీన్‌షాట్‌లో ఉన్నవి

అమ్మాయీ, పాస్‌పోర్టు దరఖాస్తు నిబంధనల పేజీ నుంచి నువ్వు పంపిన స్క్రీన్‌షాట్‌ను రెండుసార్లు చదివి, నీకు వర్తించేవి మాత్రమే ఇక్కడ రాస్తున్నాను. చిన్నపిల్లలకు, పాత పాస్‌పోర్టు ఉన్నవారికి చెప్పిన పేరాలను వదిలేశాను.

నీకు ప్రధానంగా కావలసినవి రెండే: ఆధార్ కార్డు, పదో తరగతి మెమో. ఆధార్ చిరునామాకు రుజువు. మెమో పుట్టిన తేదీకి రుజువు కావడమే కాక, పదో తరగతి పాసైనవారికి వర్తించే నాన్-ఈసీఆర్ హోదాకూ, అంటే కొన్ని దేశాలకు ఉద్యోగానికి వెళ్లేటప్పుడు ప్రభుత్వ వలస అనుమతి అక్కర్లేదనే గుర్తింపుకూ, అదే ఆధారం. రెండింటి ఒరిజినల్స్‌తో పాటు, నీ సంతకం చేసిన జెరాక్సు కాపీలు ఒక్కో సెట్టు తీసుకువెళ్లాలి. ఫొటో అక్కడే తీస్తారు.

స్క్రీన్‌షాట్‌లో చిన్న అక్షరాల్లో ఉన్నా, నా దృష్టిలో అన్నింటికంటే ముఖ్యమైనది పేరు గురించిన వాక్యం. దరఖాస్తులో పొడి అక్షరాలు రాయకూడదు. ఇంటిపేరును, పేరును వేర్వేరు గడుల్లో పూర్తిగా రాయాలి. నీ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో మాత్రం ఒక్క అక్షరం, చుక్క. పైగా ఆధార్‌లో ఇంకా బ్రాడీపేట చిరునామాయే ఉంది, మీరేమో లక్ష్మీపురం మారి ఏడాది దాటింది. పోలీసు విచారణ ప్రస్తుత చిరునామాలోనే జరుగుతుంది కనుక, ముందు ఆధార్ కేంద్రానికి వెళ్లి ఈ రెండూ సరిచేయించుకో. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జీవితకాలంలో రెండుసార్లే ఉంటుంది కాబట్టి, స్పెల్లింగును మెమోలో ఉన్నట్లే, అక్షరం అక్షరం చూసి ఇవ్వు. కొత్త కార్డు వచ్చేదాకా దరఖాస్తు జోలికి పోవద్దు.

తర్వాత passportindia.gov.in లో ఖాతా తెరిచి, విజయవాడ పాస్‌పోర్టు కార్యాలయాన్ని ఎంచుకుని, కొత్త పాస్‌పోర్టు, సాధారణ పద్ధతి, 36 పేజీలు అని గుర్తించి ఫారం నింపాలి. ఆ పేరును పోలిన వేరే సైట్లు వెతుకులాటలో ముందుగా కనిపిస్తే వాటిలో డబ్బు కట్టవద్దు. ఫీజు రూ.1500, తత్కాల్‌కు అదనంగా రూ.2000 అవుతుంది, నీకు ఆ తొందర లేదు. ఫారం సమర్పించాక నీ దరఖాస్తును గుర్తించే ఏఆర్ఎన్ అనే సంఖ్య వస్తుంది, దాన్ని రాసిపెట్టుకో. ఫీజు కట్టిన తర్వాతే అపాయింట్‌మెంటు తేదీ దొరుకుతుంది.

ఆ రోజు గుంటూరు నుంచి పొద్దున్నే బయలుదేరి, చెప్పిన సమయానికి పావుగంట ముందు పాస్‌పోర్టు సేవా కేంద్రం దగ్గర ఉండు. లోపల మొదట ‘ఏ’ అనే అక్షరం ఉన్న కౌంటరులో ఫొటో, వేలిముద్రలు తీసుకుని కాగితాలు స్కాన్ చేస్తారు. అక్కడ తెరపై నీ పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ చూపినప్పుడు మొహమాటపడకుండా నింపాదిగా చదువుకో. బీ, సీ కౌంటర్లలో పరిశీలన, ఆమోదం జరుగుతాయి.

పోలీసు విచారణ పూర్తయ్యాక పాస్‌పోర్టు ముద్రించి స్పీడ్ పోస్టులో ఇంటికి పంపుతారు. స్క్రీన్‌షాట్ అడుగున చివరి వరుస సగం తెగిపోయింది. ఆ పేజీ మళ్లీ తెరిచి, అది కూడా పంపు.

— మావయ్య, విజయవాడ