తెనాలి టైలరింగ్ షాపు: 2024-25 లాభనష్టాల పట్టిక, బ్యాలెన్స్ షీట్

పిన్నీ,

నువ్వు పంపిన సరుకు లెక్క కాగితం, బిల్లు పుస్తకం, బ్యాంకు స్టేట్‌మెంటు కలిపి చూసి మార్చి 31, 2025 నాటికి ఏడాది లెక్క ముగించాను. ముద్ర లోన్ కోసం బ్యాంకుకు ఇవ్వాల్సినవి కింద ఉన్న రెండు పట్టికలే. మిగతాది నీ కోసం రాశాను. సంతకం పెట్టేముందు నిదానంగా చదువు. బ్యాంకులో ఏ అంకె గురించి అడిగినా నువ్వే చెప్పగలగాలి.

లాభనష్టాల పట్టిక (ఏప్రిల్ 1, 2024 నుంచి మార్చి 31, 2025 వరకు)

| వివరం | రూపాయలు |
|---|---|
| కుట్టు ఛార్జీలు | 7,86,000 |
| లైనింగ్, ఫాల్స్ అమ్మకం | 1,12,000 |
| మొత్తం ఆదాయం | 8,98,000 |
| మొదటి సరుకు | 18,000 |
| కలుపు: ఏడాదిలో కొన్నది | 1,54,000 |
| తీసివేయి: ముగింపు సరుకు | 24,000 |
| వాడిన సరుకు | 1,48,000 |
| పీసు రేటు కూలి | 2,64,000 |
| స్థూల లాభం | 4,86,000 |
| షాపు అద్దె | 96,000 |
| కరెంటు | 21,600 |
| మెషిన్ రిపేర్లు, ఆయిల్, సూదులు | 13,400 |
| ఫోను, ఆటో | 11,000 |
| పనివాళ్ల దసరా బోనస్, టీ | 16,000 |
| పాత లోన్ వడ్డీ | 7,200 |
| బ్యాంకు ఛార్జీలు | 1,800 |
| పాడైన బ్లౌజులకు కట్టిన పరిహారం | 3,200 |
| తరుగుదల | 18,800 |
| మొత్తం ఇతర ఖర్చులు | 1,89,000 |
| నికర లాభం | 2,97,000 |

ఏప్రిల్ చివరి నుంచి జులై మొదటి వారం దాకా మూఢం వచ్చి పెళ్లిళ్లు లేకపోయాయి. మే, జూన్ నెలల కుట్టు ఛార్జీలు తగ్గింది అందుకే. శ్రావణం రాగానే ఆగస్టులో పుంజుకున్నాయి. ఆ రెండు నెలల గురించి మేనేజరు గారు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పు, అందులో దాచాల్సింది ఏమీ లేదు.

కూలిలో మార్చి నెలది 11,000 ఉంది. నువ్వు ఇచ్చింది ఏప్రిల్ 2న అయినా పని జరిగింది మార్చిలో కాబట్టి ఈ ఏడాదికే చేరుతుంది. ఏప్రిల్‌లో వచ్చిన మార్చి కరెంటు బిల్లు 1,900 కూడా అంతే. పెళ్లి బ్లౌజులకు ముందుగా తీసుకున్న 8,100 మాత్రం ఆదాయంలో వేయలేదు. అవి ఇంకా కుట్టలేదు కదా, కుట్టి ఇచ్చేదాకా ఆ డబ్బు కస్టమర్లదే.

ముగింపు సరుకు 24,000లో 20,400 లైనింగ్, దారాలు, హుక్స్, కాన్వాస్. మిగతా 3,600 కుట్టి హ్యాంగర్లకు వేలాడుతున్న, ఎవరూ వచ్చి తీసుకెళ్లని బ్లౌజులకు మనం పెట్టిన ఖర్చు. వాటిని ఛార్జీ ధరకు వేస్తే రాని లాభాన్ని చూపించినట్టవుతుంది. కస్టమర్లు కుట్టమని ఇచ్చిన చీరలు, బ్లౌజు ముక్కలు మన ఆస్తి కాదు కాబట్టి నీ కాగితంలో రాసినవి తీసేశాను.

తరుగుదల ఆదాయపు పన్ను రేట్ల ప్రకారం వేశాను. పాత మెషిన్ల విలువ 96,000 మీద 15 శాతం చొప్పున 14,400. డిసెంబరులో 32,000కు కొన్న ఓవర్‌లాక్ మెషిన్ ఈ ఏడాదిలో 180 రోజులు కూడా వాడలేదు కాబట్టి సగం రేటుకు 2,400. ఫర్నిచర్ 20,000 మీద 10 శాతం, అంటే 2,000.

బ్యాలెన్స్ షీట్ (మార్చి 31, 2025 నాటికి)

| మూలధనం, అప్పులు | రూపాయలు |
|---|---|
| మొదటి మూలధనం | 1,54,000 |
| కలుపు: నికర లాభం | 2,97,000 |
| తీసివేయి: సొంత వాడకాలు | 2,52,000 |
| ముగింపు మూలధనం | 1,99,000 |
| పాత లోన్ బాకీ | 46,000 |
| సరుకు షాపుకు ఇవ్వాల్సింది | 15,000 |
| ఇవ్వాల్సిన కూలి | 11,000 |
| కట్టాల్సిన కరెంటు బిల్లు | 1,900 |
| కస్టమర్ల అడ్వాన్సులు | 8,100 |
| మొత్తం | 2,81,000 |

| ఆస్తులు | రూపాయలు |
|---|---|
| కుట్టు మెషిన్లు | 1,11,200 |
| ఫర్నిచర్ | 18,000 |
| షాపు ఓనరు దగ్గర అడ్వాన్సు | 60,000 |
| ముగింపు సరుకు | 24,000 |
| కస్టమర్ల నుంచి రావాల్సింది | 14,500 |
| బ్యాంకులో | 44,000 |
| చేతిలో | 9,300 |
| మొత్తం | 2,81,000 |

దాదాపు మూడు లక్షల లాభం వచ్చిందంటే ఆ డబ్బు ఏదీ అని నువ్వు తప్పకుండా అడుగుతావు. పోయినేడు ఏప్రిల్ 1న చేతిలో, బ్యాంకులో కలిపి 39,000 ఉంటే ఇప్పుడు 53,300 ఉంది. పెరిగింది 14,300 మాత్రమే. నెలకు 16,000 చొప్పున ఇంటికి 1,92,000, తమ్ముడి కాలేజీ ఫీజు 36,000, ఎల్ఐసీ ప్రీమియం 24,000 షాపు డబ్బులోంచే తీశావు. అదే 2,52,000. ఇవి షాపు ఖర్చులు కావు కాబట్టి లాభనష్టాల పట్టికలో కనపడవు, మూలధనంలోంచి తగ్గుతాయి. కొత్త మెషిన్‌కు 32,000 పోయింది. నెలకు 2,600 ఈఎంఐలో వడ్డీ పోను అసలు కింద ఏడాదికి 24,000 తీరింది. తరుగుదల 18,800 లెక్కలో ఖర్చే అయినా చేతినుంచి పోయింది కాదు. వీటిని సర్దితే 7,800 మిగులుతుంది. ఇంకా ఇవ్వాల్సిన కూలి, బిల్లులు, కస్టమర్ల అడ్వాన్సులు మన దగ్గరే ఉండటం వల్ల, పెరిగిన సరుకు, బాకీలు పోను మరో 6,500 కలిసింది.

ఇంకొకటి. సొంత షాపులో యజమాని తన జీతాన్ని ఖర్చుగా రాసుకోకూడదు. అందుకే పొద్దున్నుంచి రాత్రిదాకా నువ్వు చేసే కటింగు పని విలువ కూడా ఈ 2,97,000లోనే కలిసి ఉంది. నీ బదులు కటింగ్ మాస్టరును నెలకు 18,000కు పెట్టుకుంటే ఏడాదికి 2,16,000 అవుతుంది. అప్పుడు షాపు తనంతట తాను సంపాదించేది 81,000. కుట్టు ఛార్జీ పెంచడానికి నువ్వు మొహమాటపడుతున్నావు కానీ, ఈ అంకె చూశాక పెంచాల్సిందేనని నాకు గట్టిగా అనిపిస్తోంది.

పన్ను గురించి టెన్షన్ అక్కర్లేదు. నీకు వేరే ఆదాయం లేదు కాబట్టి 2024-25కు కొత్త పన్ను విధానంలో ఉన్న 3 లక్షల పరిమితి లోపే ఉన్నావు, పన్ను పడదు. బ్యాంకు రిటర్న్ కాపీ అడుగుతుంది కాబట్టి ఐటీఆర్-4 వేద్దాం. రాబడి 20 లక్షల కంటే చాలా తక్కువ, జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం లేదు.

ఇక అసలు విషయం. ఐదేళ్ల గడువుకు లక్షన్నర అడుగుదామనుకున్నావు. లాభానికి తరుగుదల కలిపి సొంత వాడకాలు తీసేస్తే ఏడాదికి 63,800. అందులో పాత లోన్ అసలు 24,000 పోతే 39,800, అంటే నెలకు సుమారు 3,300. పన్నెండు శాతం వడ్డీకి లక్షన్నర తీసుకుంటే ఈఎంఐ దాదాపు అంతే పడుతుంది. ఇంకో మూఢం వస్తే ఆ నెల ఎక్కడినుంచి తెచ్చి కడతావు? లక్షే అడుగు, ఈఎంఐ 2,225 దాకా వస్తుంది. ముందు ఒక పవర్ మెషిన్ కొను. పాత లోన్ తీరాక రెండోది చూద్దాం. 50,000 దాటింది కాబట్టి దరఖాస్తులో కిశోర్ విభాగం అని రాయి.

రెండు పట్టికల కిందా సంతకం పెట్టి షాపు స్టాంపు వెయ్యి. ఓవర్‌లాక్ మెషిన్ బిల్లు, అద్దె అగ్రిమెంటు, పన్నెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు జిరాక్సులు జత చెయ్యి. ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకు. రావాల్సిన 14,500లో 6,000 ఒక్క ఇంటిదే, దసరా నుంచీ ఉంది. బ్యాంకుకు వెళ్లేలోపు అది వసూలు చేసుకో.

మీ అక్క కొడుకు