ఏడో తరగతి గణితం, దత్తాంశ నిర్వహణ: యూనిట్ అభ్యసన లక్ష్యాలు

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, హన్మకొండ జిల్లా. ఎ, బి సెక్షన్లు. 10 పీరియడ్లు, చివర 20 మార్కుల లఘు పరీక్ష.

ఎ సెక్షన్ నాది, బి సెక్షన్ మేడం గారిది. పరీక్ష మాత్రం ఒకటే కాబట్టి లక్ష్యాలు ముందే రాసి పెడుతున్నాను. "సగటును అర్థం చేసుకుంటారు", "రేఖాచిత్రాలపై అవగాహన కలుగుతుంది" లాంటి వాక్యాలు ఇందులో ఉండవు. అర్థమైన సంగతి పిల్లల పేపర్లో ఎలా కనబడుతుందో చెప్పలేని వాక్యంతో మార్కులు వేయలేం. అందుకే ప్రతి లక్ష్యంలో మూడు సంగతులు రాశాను: పిల్లలకు ఏమిస్తాం, వాళ్లు ఏం చేసి చూపాలి, ఎంత వస్తే వచ్చినట్టు.

జ్ఞాపకం (4 మార్కులు)

1. పుస్తకం చూడకుండా సగటు, మధ్యగతం, బాహుళకం, వ్యాప్తి అంటే ఏమిటో ఒక్కో వాక్యంలో రాస్తారు. నాలుగింట్లో మూడు సరిగ్గా ఉండాలి.

2. గీసి ఇచ్చిన కమ్మీ రేఖాచిత్రంలో అడిగిన 5 విలువల్లో కనీసం 4 స్కేలును బట్టి చెప్తారు. నిజానికి ఇది చదవడమే తప్ప గుర్తు తెచ్చుకోవడం కాదు. అయినా ఏ పద్ధతి వాడాలో పిల్లలు తేల్చుకోవాల్సిన పని లేదు కాబట్టి ఇక్కడే ఉంచాను.

వినియోగం (8 మార్కులు)

3. క్రమంలో లేని 8 విలువలు ఇస్తే ఆరోహణ క్రమంలో రాసి, నడిమి రెండింటి సగటుతో మధ్యగతం కనుక్కుంటారు. రెండు లెక్కల్లో ఒకటి పూర్తిగా సరిపోవాలి.

4. 40 మంది బడికి ఎలా వస్తున్నారో చెప్పే పట్టిక ఇస్తే (నడిచి 20, సైకిల్ 10, బస్సు 8, ఆటో 2) కోణాలు లెక్కగట్టి వృత్త రేఖాచిత్రం గీస్తారు. లెక్కలో 180, 90, 72, 18 డిగ్రీలు రావాలి. కోణమానినితో గీసేటప్పుడు 2 డిగ్రీల తేడా వరకు ఒప్పుకుందాం.

5. రెండు వరుసల దత్తాంశానికి జంట కమ్మీ రేఖాచిత్రం గీస్తారు. స్కేలు మనం ఇవ్వం. స్కేలు ఇచ్చేస్తే మిగిలేది గీతలు గీయడమే.

విశ్లేషణ (8 మార్కులు)

తరగతిలో చేయించిన లెక్కనే అంకెలు మార్చి, "ఎందుకు?" అని చివర తగిలిస్తే విశ్లేషణ అయిపోదు. జవాబు కూడా బోర్డు మీద రాయించేసి ఉంటే అది జ్ఞాపకమే. కాబట్టి కింది రెండు ప్రశ్నలు ముందుగా తరగతిలో చేయించొద్దు.

6. ఏడుగురి ఇళ్ల నుంచి బడికి దూరం కిలోమీటర్లలో: 1, 1, 2, 2, 2, 3, 17. సగటు 4, మధ్యగతం 2. ఈ రెండూ ఇచ్చేసి, "బడికి మామూలుగా ఎంత దూరం నుంచి వస్తారు?" అన్నదానికి ఏది సరైన జవాబో ఎంచుకోమంటాం. ఎంపికకు ఒక మార్కు, దత్తాంశం నుంచి చూపిన కారణానికి రెండు. "ఏడుగురిలో ఆరుగురు 4 కన్నా తక్కువ దూరం నుంచే వస్తున్నారు, 17 వల్ల సగటు పెరిగింది" అన్న అర్థం రావాలి. "మధ్యగతమే మంచిది" అని రాసి వదిలేస్తే ఒక మార్కే.

7. హాజరు పట్టిక: జులైలో అమ్మాయిలు 18, అబ్బాయిలు 17, నవంబరులో అమ్మాయిలు 12, అబ్బాయిలు 15. కింద నాలుగు వాక్యాలు ఇస్తాం. పట్టిక నుంచి తేలేవి ఏవి, తేలనివి ఏవి విడదీసి, తేలని వాటికి ఇంకా ఏ సమాచారం కావాలో రాయాలి. అమ్మాయిల హాజరు 6 తగ్గింది, అబ్బాయిలది 2 తగ్గింది: ఈ రెండూ తేలతాయి. "పత్తి ఏరడానికి పోయారు" అన్నది తేలదు. మన ఊళ్లలో నవంబరు అంటే పత్తి ఏరే రోజులే కనుక పిల్లలకు అది నిజమే అనిపిస్తుంది, కావచ్చు కూడా. కానీ పట్టికలో పత్తి లేదు. "జ్వరాలు వచ్చాయి" అన్నదీ అంతే. నాలుగు వాక్యాల విభజనకు రెండు మార్కులు, కావలసిన సమాచారానికి (ఉదాహరణకు సెలవు చీటీల్లో రాసిన కారణాలు) ఒకటి.

మిగతా రెండు మార్కులు ఇదే పట్టికలోని నవంబరు కమ్మీలకు. నిలువు అక్షం 10 దగ్గర మొదలైతే 12 కమ్మీ ఎత్తు 2, 15 కమ్మీ ఎత్తు 5 అవుతుంది. చూస్తే అబ్బాయిలు రెండున్నర రెట్లు వచ్చినట్టుంటుంది. బొమ్మ ఇచ్చి, అలా ఎందుకు అనిపిస్తుందో, అసలు తేడా ఎంతో అడుగుతాం.

హాజరు అంకెలు పరీక్ష కోసం వేసుకున్నవి. మన రిజిస్టరు అంకెలు వాడితే ఎవరు రాలేదో పిల్లలు గుర్తుపట్టేస్తారు, తలవంచుకునేది ఆ అమ్మాయిలే.

విశ్లేషణలో 8కి 4 వస్తే చాలు. అంతకన్నా తక్కువ వచ్చిన వాళ్లలో వినియోగం మార్కులు బాగున్నవాళ్లను వేరుగా కూర్చోబెట్టి, 6వ ప్రశ్నలో 17ను 3గా మార్చి మళ్లీ అడుగుదాం. మార్చాక కూడా మధ్యగతం 2, సగటు కూడా 2 అవుతుంది. ఏది మారింది, ఏది మారలేదు అన్నది వాళ్లే చెప్పాలి.