సెల్లార్ గదిలోని తెల్ల క్యాన్ మీద ఏం రాసి ఉందంటే

అక్కలారా, శనివారం మీరు ఫోన్లో పంపిన ఫోటో చూశాను. మన బ్లాకులో మెట్ల కింద గదిలో కొత్తగా వచ్చిన 5 లీటర్ల తెల్ల క్యాన్ అది. అంతా ఇంగ్లీషులోనే ఉంది. ఫోటోలో ఫ్లాష్ వెలుగు పడి కింది రెండు లైన్లు తెల్లగా మెరిసిపోయాయి. ఇలాంటి వాటిలో ఊహించి రాయకూడదు కాబట్టి నిన్న నేనే దిగి వచ్చి ఆ రెండు లైన్లు దగ్గర నుంచి చదివాను. ఇప్పుడు లేబుల్ మొత్తం కింద తెలుగులో ఉంది. లేబుల్‌లో లేకుండా నేను కలిపి చెప్పిన మాట ఉంటే, అది నా మాటేనని అక్కడే రాశాను, లేదా బ్రాకెట్లలో పెట్టాను. చదవడం రాని అక్కకు చదువు వచ్చిన అక్క పైకి చదివి వినిపించండి.

ముందుగా ఒక సంగతి. మీలో ఒకరు నన్ను అడిగారు, "చెయ్యి బొమ్మ ఉంది కదా తమ్ముడూ, ఇది చేతులు కడుక్కునేదా?" అని. అడగడం ఎంత మంచిదైందో చెప్పలేను. ఆ బొమ్మకు అర్థం సరిగ్గా దానికి తలకిందులు.

బొమ్మలు

ఎర్రటి గీతతో గాలిపటంలా నిలబెట్టిన డబ్బాలు మూడు ఉన్నాయి. ఈ బొమ్మలు ఏ కంపెనీ సొంతంగా వేసుకున్నవి కావు. ఐక్యరాజ్యసమితి 2003లో అన్ని దేశాలకూ ఒకే గుర్తులు ఉండాలని తయారు చేసిన పద్ధతిలోవి. మొత్తం తొమ్మిది ఉంటాయి, మన క్యాన్ మీద మూడున్నాయి.

మొదటిది చెయ్యి. బాగా దగ్గరగా చూడండి. పైన రెండు గొట్టాలు వంగి ఉన్నాయి. ఒక గొట్టం నుంచి చుక్కలు కింద ఉన్న పట్టీ మీద పడుతున్నాయి, అక్కడ పట్టీ గుంటపడింది. ఇంకో గొట్టం నుంచి చుక్కలు చేతి మీద పడుతున్నాయి, అక్కడ చెయ్యి కరిగి గుంటపడింది, పైకి పొగలా గీతలు లేస్తున్నాయి. అర్థం: ఈ మందు పడితే చర్మం కాలుతుంది, కన్ను పాడవుతుంది, ఇనుము, స్టీలు లాంటివి కూడా తినేస్తుంది.

రెండోది ఆశ్చర్యార్థకం గుర్తు. ఈ క్యాన్ విషయంలో దాని అర్థం: దీని ఆవిరి పీలిస్తే ముక్కు, గొంతు మండి దగ్గు రావచ్చు.

మూడోది చేప, చెట్టు. ఇది చెట్ల నుంచి తీసిన మందు అని గుర్తు కాదు. ఆ చెట్టుకు ఆకుల్లేవు, చేప వెల్లకిలా పడి ఉంది. అర్థం: నీళ్లలో కలిస్తే చేపలు, నీటి జీవాలు చచ్చిపోతాయి, ఆ చెడు చాలాకాలం ఉంటుంది.

బొమ్మల పక్కన పెద్ద అక్షరాల్లో ఒకే మాట ఉంది: ప్రమాదం. ఇలాంటి లేబుళ్ల మీద రెండు రకాల మాటలు వాడతారు. తక్కువ అపాయమైతే "హెచ్చరిక" అంటారు, ఎక్కువైతే "ప్రమాదం" అంటారు. మనది ఎక్కువ రకం.

ఇందులో ఏముంది

సోడియం హైపోక్లోరైట్ 8 శాతం, సోడియం హైడ్రాక్సైడ్ 2 శాతం కన్నా తక్కువ. మిగతాది నీళ్లు. మొదటిదాన్నే మనం బ్లీచింగ్ ద్రవం అంటాం. రెండోది కాస్టిక్ సోడా.

హెచ్చరికలు

H314 అని ఉన్న చోట: చర్మం మీద పడితే తీవ్రంగా కాలి పుండవుతుంది. కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది. (నా మాట: చూపు పోయేంత దెబ్బ కూడా తగలొచ్చు. ఇంగ్లీషులో "డ్యామేజ్" అనే చిన్న మాటతో సరిపెట్టారు, నేను సరిపెట్టలేను. ఈ రకం మందు చేతికి అంటితే మొదట మంటే ఉండకపోవచ్చు, సబ్బు నీళ్లలా జారుడుగా మాత్రం ఉంటుంది. జారుడుగా ఉందంటే అప్పటికే చర్మాన్ని పట్టుకుందని అర్థం. మంట కోసం ఎదురుచూడకండి.)

H290: లోహాలను తినేయగలదు.

H335: పీలిస్తే ముక్కు, గొంతు, ఊపిరితిత్తులు మండవచ్చు.

H410: నీటి జీవాలకు చాలా విషం, ప్రభావం చాలాకాలం ఉంటుంది.

వీటి కింద ఒక లైను విడిగా, లావు అక్షరాల్లో ఉంది. ఫోటోలో మెరిసిపోయి కనబడని రెండు లైన్లలో మొదటిది అదే. ఈ కాగితం మొత్తంలో మీకు గుర్తుండాల్సింది కూడా అదే:

హెచ్చరిక! దీన్ని వేరే ఏ మందుతోనూ కలిపి వాడకూడదు. ప్రమాదకరమైన క్లోరిన్ గ్యాస్ రావచ్చు.

దాని కిందే: యాసిడ్ తగిలితే విషవాయువు వస్తుంది.

ఇక్కడ నా మాట కాస్త ఎక్కువ ఉంటుంది, ఏమనుకోకండి. మన గదిలో ఈ క్యాన్ పక్కనే బాత్‌రూముల కోసం తెచ్చిన యాసిడ్ సీసాలు ఉన్నాయి. నిన్న నా కళ్లతో చూశాను, రెంటికీ మధ్య జానెడు దూరం లేదు. మరక పోకపోతే "రెండూ పోస్తే పవర్ ఎక్కువ" అని చాలా ఇళ్లలో అనుకుంటారు. పవర్ పెరగదు, గ్యాస్ వస్తుంది. ఆ గ్యాస్ గాలికన్నా బరువు, కిందనే పేరుకుంటుంది. మీరు కూర్చుని నేల రుద్దుతారు కాబట్టి ముక్కు సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటుంది. తలుపు వేసిన చిన్న బాత్‌రూమ్‌లో అయితే నాలుగు పీల్పులకే ఊపిరి ఆడకుండా పోవచ్చు. టాయిలెట్ కడిగే చిక్కటి నీలం ద్రవాల్లో కూడా ఎక్కువగా ఉండేది యాసిడే. వెనిగర్, నిమ్మరసం, ఇత్తడి తోమే చింతపండు పులుసు, ఇవన్నీ కూడా పులుపే, అంటే యాసిడే. అమోనియా ఉన్న గాజు క్లీనర్లూ దీనితో కలవకూడదు. ఒకటి వాడిన చోట రెండోది వాడాల్సి వస్తే మొదటిదాన్ని బోలెడు నీళ్లతో పూర్తిగా కడిగేయండి. వీలైతే రెండోది మర్నాటికి వాయిదా వేయండి.

యాసిడ్ సీసాలను ఇవాళే పై అంతస్తు గదిలోకి మార్చమని వాచ్‌మన్ అన్నకు చెప్పాను.

వాడే పద్ధతి

నేలకు: 5 లీటర్ల చన్నీళ్లలో ఒక మూత, అంటే 50 మిల్లీలీటర్లు. ముందు నీళ్లు, తర్వాత మందు. వేడినీళ్లు వాడకూడదు. తడిపి 10 నిమిషాలు ఉంచి మంచినీళ్లతో తుడవాలి. అల్యూమినియం, ఇత్తడి, పాలిష్ చేసిన రాయి మీద వాడకూడదు.

జాగ్రత్తలు

పిల్లలకు అందకుండా పెట్టాలి. తాళం వేసి ఉంచాలి. ఆవిరి, తుంపర్లు పీల్చకూడదు. గాలి ఆడే చోటే వాడాలి. రబ్బరు గ్లౌజులు, కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోవాలి. పని అయ్యాక చేతులు బాగా కడుక్కోవాలి. కాలువలో, నేల మీద పారబోయకూడదు. (మన వాన కాలువ కూకట్‌పల్లి నాలాలోకి, అక్కడి నుంచి హుస్సేన్‌సాగర్‌లోకి పోతుంది. మిగిలిపోయిన మందును అందులో పోయకండి, క్యాన్‌లోనే ఉంచి నాకు చెప్పండి.)

దీని సొంత క్యాన్‌లోనే ఉంచాలి. ఇది లేబుల్ మాటే, అక్కడ ఆరు పదాల్లో అయిపోయింది. మీ పనిలో మాత్రం దాని విలువ చాలా ఎక్కువ. పెద్ద క్యాన్ మోయలేక నీళ్ల సీసాలోకో, కూల్‌డ్రింక్ సీసాలోకో కొంచెం పోసుకుని పైకి తీసుకెళ్తారు, నాకు తెలుసు. ఎండాకాలం దాహంతో వచ్చిన పిల్లాడు ఆ సీసా చూస్తే ముందు మూత తీస్తాడు, తర్వాత వాసన చూస్తాడు. అందుకే ఐదో అంతస్తుకు క్యాన్ మోయక్కర్లేకుండా, కిందే బకెట్‌లో కలిపి లిఫ్టులో తీసుకెళ్లండి. సర్వీస్ లిఫ్టు పనిచేయని రోజు మామూలు లిఫ్టు వాడుకోండి. ఎవరైనా ఏమైనా అంటే నా ఫ్లాట్ నంబరు చెప్పండి, నేను మాట్లాడతాను.

ఏదైనా జరిగితే

చర్మం మీద, జుట్టు మీద పడితే: తడిసిన బట్టలు వెంటనే తీసేయాలి. నీళ్లు పోస్తూ కడగాలి. (చీర తడిస్తే సిగ్గుపడి ఆగకండి. బాత్‌రూమ్‌లోకి వెళ్లి గడియ పెట్టుకుని తీసేయండి, తోటి అక్క బయట నిలబడుతుంది. కనీసం 20 నిమిషాలు నీళ్లు పోస్తూనే ఉండండి. పసుపు, టూత్‌పేస్ట్, కొబ్బరినూనె ఏదీ రాయొద్దు. మందు విరగాలని నిమ్మకాయ అసలే వద్దు.)

కంట్లో పడితే: కొన్ని నిమిషాలపాటు నీళ్లతో జాగ్రత్తగా కడగాలి. కాంటాక్ట్ లెన్సులుంటే, సులువుగా వస్తే తీసేసి కడగడం కొనసాగించాలి. (నలపొద్దు. రెప్పలు వేళ్లతో విప్పి పట్టుకుని మగ్గుతో ధార పోయించుకోండి. ఆ నీళ్లు రెండో కంట్లోకి పోకుండా తల పక్కకు వంచండి. దీనికీ 20 నిమిషాలే. తర్వాత తగ్గినట్టున్నా ఆస్పత్రికి వెళ్లాల్సిందే. మెహిదీపట్నంలో సరోజినీ దేవి ప్రభుత్వ కంటి ఆస్పత్రి ఉంది.)

మింగితే: నోరు పుక్కిలించాలి. వాంతి చేయించకూడదు. (ఉప్పునీళ్లు తాగించి కక్కించడం మన ఇళ్లలో అలవాటు. ఇక్కడ అది వద్దే వద్దు. లోపలికి పోతూ గొంతును ఒకసారి కాల్చిన మందు, పైకి వస్తూ ఇంకోసారి కాలుస్తుంది.)

పీల్చి ఊపిరి ఇబ్బందైతే: మనిషిని మంచి గాలిలోకి తీసుకురావాలి, ఊపిరి హాయిగా ఆడేలా కూర్చోబెట్టాలి. (లోపల ఘాటు నిండి ఉంటే మీరు చొరబడకండి. తలుపులు తెరిచి కేకేయండి.)

వీటన్నిటికీ కింద లేబుల్‌లో ఒకే మాట: వెంటనే విష చికిత్స కేంద్రానికి గానీ డాక్టరుకు గానీ ఫోన్ చేయాలి. మనకు అంబులెన్స్ 108. వెళ్లేటప్పుడు ఈ క్యాన్ లేబుల్ ఫోటో ఫోన్లో చూపించండి, ఏ మందో డాక్టరు మిమ్మల్ని అడగక్కర్లేదు.

ఒలికితే: గ్లౌజులతో ఇసుక పోసి పీల్చనిచ్చి ఎత్తాలి. రంపపు పొట్టు, పాత గుడ్డలు వాడొద్దు అని కూడా లేబుల్‌లో ఉంది.

లేబుల్ ఇంతే. దాని మీద లేనిది ఒకటి, దయచేసి వినండి. వేసవిలో ట్యాంకర్ ఆలస్యమైన రోజు మన కొళాయిల్లో మధ్యాహ్నం దాకా నీళ్లుండవు. పైన ప్రతి ప్రమాదానికీ మొదటి మందు నీళ్లే. అందుకని మూత తీసే ముందు ఒక బకెట్ మంచినీళ్లు, మగ్గు పక్కన పెట్టుకోండి. కొళాయి కూడా తిప్పి చూసుకోండి. కొళాయిలో నీళ్లు రాని రోజు ఈ క్యాన్ ముట్టుకోవద్దు. పని ఎందుకు ఆగిందని సూపర్‌వైజర్ అడిగితే ఈ కాగితం చూపించండి.

గ్లౌజులు నాలుగు జతలు, అద్దాలు రెండు తెచ్చి గదిలో మేకుకు తగిలించాను. కాగితం తడిసి చిరిగితే చెప్పండి, ఇంకోటి రాసి అతికిస్తాను.