ఈ వారం మన వంట (సోమవారం నుంచి ఆదివారం దాకా, ఫ్రిజ్ తలుపుకి)

పోయిన వారం నాలుగు రాత్రుల్లో మూడు రాత్రులు టమాటా గుడ్డు కూరే. మూడోరోజు చిన్నోడు కంచంలోకి చూసి "మళ్ళీ ఇదేనా" అన్నాడు. వాడిదేం తప్పు లేదు. ఆఫీసు నుంచి వచ్చేసరికి నా బుర్ర అంతవరకే పనిచేసింది. అందుకే ఈసారి ముందే రాసిపెడుతున్నాను. మాంసం వండని ఇంట్లో కాస్త ప్రత్యేకంగా అనిపించేది గుడ్డే కదా, దాన్నీ రోజూ ఒకే రకంగా వండితే విసుగు రాకుండా ఎలా ఉంటుంది? ఈ వారం గుడ్డు ఆరుసార్లు వస్తుంది, ఏ రెండుసార్లూ ఒకలా ఉండదు.

గుడ్లు ఒక అట్ట, అంటే ముప్పై. లెక్క సరిగ్గా సరిపోయింది, ఒక్కటీ మిగలదు. చిన్నోడా, రాత్రి పదకొండింటికి నూడుల్స్‌లోకి గుడ్డు కొట్టుకున్నావంటే ఆదివారం వేపుడులో నీ గుడ్డు ఉండదు. అట్ట రాగానే గుడ్లని ఒకసారి నీళ్ళలో వేసి చూడండి. అడుగున పడుకున్నవి తాజావి. నిలబడినవి కాస్త పాతవి, అవి ఉడకబెట్టడానికి పక్కన పెట్టండి, పెంకు సులువుగా వస్తుంది. తేలినవి పారేయాలి.

శనివారం నానబెట్టి ఆదివారం రుబ్బిన పిండి (రెండు గ్లాసుల మినప్పప్పు, ఆరు గ్లాసుల ఉప్పుడు బియ్యం) శుక్రవారం దాకా వస్తుంది. మూడు టిఫిన్లు దానితోనే. పులిసేకొద్దీ పనికొచ్చే తీరు మారుతుంది, అంతే.

సోమవారం
పొద్దున ఇడ్లీ, పల్లీ చట్నీ. బాక్సుల్లోకి దొండకాయ వేపుడు, పప్పుచారు. చారు కారిపోకుండా పాప బాక్సుకి రబ్బరు ఉన్న మూత పెట్టండి. రాత్రి చపాతీ, గుడ్డు పొరటు. ఆరు గుడ్లు, మూడు పెద్ద ఉల్లిపాయలు, పచ్చిమిర్చి. టమాటా వద్దు, పోయిన వారమే చాలినంత తిన్నాం. గుడ్డు కొట్టాక వెంటనే కలపకుండా ఒక్క నిమిషం వదిలేస్తే ముక్కలు ముక్కలుగా వస్తుంది, లేకపోతే ముద్ద అవుతుంది. పడుకునే ముందు రెండున్నర గ్లాసుల పెసలు, పిడికెడు బియ్యం నానబెట్టాలి. ఇది పాప పని.

మంగళవారం
పెసరట్టు, అల్లం చట్నీ. ఉప్మా పెట్టే తీరిక లేదు. మధ్యాహ్నం గోంగూర పప్పు, వడియాలు.

నాకు నెలాఖరు పని, తొమ్మిదైతే గానీ రాను. ఏవండీ, రాత్రి కోడిగుడ్డు పులుసు మీదే. కంగారు పడకండి, వరసగా రాస్తున్నాను. ఇంటికి రాగానే నిమ్మకాయంత చింతపండు నానబెట్టండి. ఏడు గుడ్లు నీళ్ళలో పెట్టి, మరగడం మొదలయ్యాక పది నిమిషాలు ఉంచి, చన్నీళ్ళలో వేసి వొలవండి. ఒక్కోదానికి చాకుతో మూడు నాలుగు గాట్లు పెట్టండి. పోయినసారి గాట్లు పెట్టకుండా నూనెలో వేస్తే ఒకటి టప్పుమని పేలి గోడంతా పచ్చసొన. ఆ మరక ఇంకా ఉంది, పొయ్యి వెనకాల చూడండి. పసుపు, కారం వేసిన నూనెలో గుడ్లని దోరగా తిప్పి పక్కన పెట్టండి. అదే నూనెలో ఆవాలు, జీలకర్ర, పావు చెంచా మెంతులు, ఎండుమిర్చి, కరివేపాకు. మెంతులు నల్లబడితే పులుసంతా చేదు, అందుకని వాటి మీదే కన్నేసి ఉంచండి. నాలుగు ఉల్లిపాయలు ఎర్రగా వేగాక ఉప్పు, కారం, చింతపండు రసం. బాగా మరిగాక గుడ్లు, చిన్న బెల్లం ముక్క. పల్చగా అనిపిస్తే చెంచా బియ్యప్పిండి నీళ్ళలో కలిపి పోయండి. పులుసు మిగిలితే మర్నాడు మీ బాక్సులోకి. గుడ్డు పులుసు మర్నాటికే రుచి, దాన్ని మళ్ళీ పెట్టినట్టు లెక్క వేయకూడదు.

బుధవారం
దోసె, టమాటా పచ్చడి. పిల్లలిద్దరికీ ఎగ్ దోసె (రెండు గుడ్లు), పైన మిరియాల పొడి చల్లితే చాలు. మధ్యాహ్నం పాలు పోసిన బీరకాయ కూర, చారు. బీరకాయ పొట్టు పారేయకండి, డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, రేపు పని ఉంది. ఈ రోజు కూడా నేను ఆలస్యమే. పెసరపప్పు కిచిడీ పాప పెడుతుంది. పచ్చిపులుసు అత్తయ్య చేస్తానన్నారు. పచ్చిమిర్చి మంట మీద కాల్చి, ఉల్లిపాయలతో చేత్తో పిసికి, నువ్వుల పొడి వేసి ఆవిడ చేసే పచ్చిపులుసు నాకు ఇన్నేళ్ళయినా రాదు. కర్నూలు వాళ్ళకి ఇది ఎక్కదంటారావిడ. అప్పడాలు కాల్చండి, వేయించకండి.

గురువారం
ఉగ్గాణి. కర్నూలు పేరెత్తారు కాబట్టి ఇది మా పుట్టింటి లెక్క. బొరుగులు తడిపి వెంటనే పిండేయాలి, నిమిషం ఆగితే పేస్టు. పక్కన మిరపకాయ బజ్జీ ఉండాలి గానీ ఆఫీసు రోజు కుదరదు. మధ్యాహ్నం పల్లీలు వేసిన బెండకాయ వేపుడు, నిన్నటి పొట్టుతో బీరకాయ పొట్టు పచ్చడి, పెరుగు. రాత్రి అన్నంలోకి ములక్కాడ గుడ్డు కూర. ఐదు గుడ్లు, ఉడికించి వేయాలి. ములక్కాడలు మెత్తబడ్డాకే గుడ్లు వేయండి.

శుక్రవారం
ఊతప్పం. ఇప్పటికి పిండి బాగా పులిసి ఉంటుంది, దోసెకి పనికిరాదు, దీనికే బాగుంటుంది. ఉల్లిపాయ, క్యారెట్ తురుము పైన. మధ్యాహ్నం ముద్దపప్పు, ఆవకాయ, తోటకూర వేపుడు. మధ్యాహ్నం అన్నం రెండు గ్లాసులు ఎక్కువ పెట్టి, చల్లారాక ఫ్రిజ్‌లో ఉంచండి. రాత్రి ఎగ్ ఫ్రైడ్ రైస్‌కి అదే. నాలుగు గుడ్లు, క్యాబేజీ, బీన్స్.

శనివారం
గుడ్డు లేదు. అత్తయ్య ఒక్కపొద్దు, ఆ రోజు ఉల్లిపాయ కూడా ముట్టుకోరు. ఆవిడకి వేరు, మనకి వేరు అని రెండు వంటలు నేను చేయను, కాబట్టి అందరికీ అదే. గుడ్లు వేయించే చిన్న కడాయి శుక్రవారం రాత్రే తోమి పైన అరలో పెట్టేయండి. పొద్దున గోధుమరవ్వ ఉప్మా. మధ్యాహ్నం పులిహోర, చేమదుంపల వేపుడు, పెరుగు. చింతపండు రెండుసార్లు వచ్చేసింది కాబట్టి పులిహోర ఈసారి నిమ్మకాయతో. రాత్రి పూరీ, బంగాళాదుంప కూర.

ఆదివారం
పొద్దున టిఫిన్ బయటి నుంచి. ఎవరికి ఏం కావాలో శనివారం రాత్రే చెప్పండి, పొద్దున నన్ను లేపి అడగొద్దు. రైతుబజార్‌కి ఏడున్నరలోపు వెళ్తే వంకాయలు లేతవి దొరుకుతాయి. చిన్నవి, ముచ్చికలు పచ్చగా ఉన్నవి, ముప్పావు కిలో.

మధ్యాహ్నం బగారా అన్నం, గుత్తివంకాయ, కోడిగుడ్డు వేపుడు, పెరుగు చట్నీ. వేపుడుకి ఉడికించిన గుడ్లని నిలువుగా సగానికి కోసి, సొన ఉన్న వైపు ముందు పెనానికి తగిలేలా పెట్టాలి. వెల్లుల్లి కారం, కరివేపాకు, అంతే. ఆరు గుడ్లు, మనం ఐదుగురం. ఆరోది ఎవరిదో నేను చెప్పను, మీరే తేల్చుకోండి.

సాయంత్రం అత్తయ్య సర్వపిండి చేస్తారు. బియ్యప్పిండి ఉందో లేదో శనివారమే చూసి చెప్పండి. రాత్రి పెరుగన్నం, ఎవరికి ఆకలేస్తే వాళ్ళు.