96 పేజీల డ్రిప్ కేటలాగుకు స్టైల్ షీట్: రాసేవాళ్లకు, డీటీపీకి, ప్రూఫ్ చూసేవాళ్లకు

అందరికీ నమస్కారం.

ఖరీఫ్ కేటలాగు రెండో ప్రూఫ్ మొదటి నుంచి చివరి దాకా చదివాను. విషయం గట్టిగా ఉంది. రైతుకు పనికొచ్చే మాటలే రాశారు. కాకపోతే అయిదుగురు రాయడంతో ఒకే వస్తువుకు నాలుగైదు పేర్లు పడ్డాయి. మొక్కల వరుస వెంట వేసే సన్న పైపు 11వ పేజీలో ‘లేటరల్’, 27లో ‘ల్యాటరల్’, 40లో ‘లాటరల్ పైప్’. ధరల పట్టికకు వచ్చేసరికి ‘డ్రిప్ ట్యూబు’.

పోయినసారి కేటలాగు వెళ్లిన వారానికే ఒక డీలర్ ఫోన్ చేసి, "డ్రిప్పర్లు వేరు, ఎమిటర్లు వేరా అండీ? రైతు పేజీ మడిచి పట్టుకొచ్చి రెండూ కావాలంటున్నాడు" అని అడిగారు. ఆ రైతు తప్పేమీ లేదు. మనం రెండు పేర్లు అచ్చేస్తే ఆయన రెండు వస్తువులు అనుకున్నాడు. మనం అచ్చేసిన మాటతోనే రైతు షాపులో సరుకు అడుగుతాడు కాబట్టి, ఈసారి ప్రెస్‌కు వెళ్లేముందు కింద ఉన్నట్టు సరిచేద్దాం. ఎడమన ఉన్నది వాడాల్సిన రూపం. కుడివైపున ఉన్నవి ఎక్కడ కనిపించినా మార్చాలి.

వస్తువుల పేర్లు

డ్రిప్ ← బిందు సేద్యం, బిందుసేద్యం, డ్రిప్ ఇరిగేషన్. రైతు నోట వచ్చేది ‘డ్రిప్’ మాటే. ‘బిందు సేద్యం’ ప్రభుత్వ పథకాల పేజీలో (80వ పేజీ) మాత్రమే, రెండు మాటలుగా ఉంటుంది.

లేటరల్ ← ల్యాటరల్, లాటరల్ పైప్, డ్రిప్ ట్యూబు.

డ్రిప్పర్ ← ఎమిటర్, ఎమ్మిటర్, డ్రిపర్. బహువచనం డ్రిప్పర్లు.

వెంచురీ ← వెంచూరి, వెంచ్యురీ. మొదటిసారి వచ్చినచోట ‘ఎరువు నీటిని పీల్చి లైనులోకి పంపే వెంచురీ’ అని వివరం ఉండాలి.

పైపు ← పైప్, పైపూ. కానీ ‘పైప్‌లైన్’ ఒకే మాట, దాన్ని కదపొద్దు.

రాయితీ ← సబ్సిడీ. దీని మీద కొంచెం ఆలోచించాను. మాట్లాడేటప్పుడు అందరం సబ్సిడీ అనే అంటాం. అయితే 80, 81 పేజీల్లో ‘రాయితీ’ ఇప్పటికే పాతిక చోట్ల ఉంది, అర్థం కానివాళ్లు లేరు. రైతు మాటల్లో ‘సబ్సిడీ’ వస్తే అలాగే ఉంచండి.

‘ఆన్‌లైన్’ మాటతో జాగ్రత్త. మన రంగంలో పైపు లోపల ముందే అమర్చి వచ్చేది ఇన్‌లైన్, బయట రంధ్రం చేసి గుచ్చేది ఆన్‌లైన్ డ్రిప్పర్. 81వ పేజీలో ‘ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోండి’ అని ఉంది. 18వ పేజీ చదివి అక్కడికి వచ్చిన రైతు తికమకపడతాడు. దరఖాస్తు సంగతి చెప్పేటప్పుడు తెలంగాణకు ‘మీసేవలో’, ఆంధ్రప్రదేశ్‌కు ‘రైతు సేవా కేంద్రంలో’ అని రాయండి. ‘రైతు భరోసా కేంద్రం’ పాత పేరు, మూడు చోట్ల మిగిలిపోయింది.

కొలతలు

16 మి.మీ. ← 16mm, 16 ఎం.ఎం., 16మిమీ. అంకెకూ కొలతకూ మధ్య ఒక ఖాళీ ఉండాలి.

గంటకు 4 లీటర్లు ← 4 LPH, 4 ఎల్‌పీహెచ్, 4 లీ/గం.

ఐఎస్ 12786 ← ISI 12786, ఐఎస్‌ఐ-12786. ఇది పాలిథిలిన్ లేటరల్ పైపుల ప్రమాణం, డ్రిప్పర్లది ఐఎస్ 13487. 22వ పేజీ పట్టికలో ఈ రెండూ తారుమారయ్యాయి. స్పెల్లింగ్ సరిచేయడంతో సరిపోదు, అంకెలు కూడా మార్చాలి.

భూమి విస్తీర్ణం అంతటా ఎకరాల్లోనే. పథకాల పేజీలో మాత్రం ముందు హెక్టార్లు, పక్కన ఎకరాలు. ఒక హెక్టారు 2.47 ఎకరాలు. 37వ పేజీలో 2 హెక్టార్లంటే 5 ఎకరాలని ఉంది, 80లో 4.94 అని ఉంది. 37లో ‘సుమారు’ చేర్చండి, 80లో ఉన్నది సరైనదే.

ఊళ్లు, జిల్లాలు, మనుషులు

హనుమకొండ ← హన్మకొండ, వరంగల్ అర్బన్. ఆ జిల్లా పేరు 2021లో మారింది.

నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్‌లో ఏర్పడింది. 44వ పేజీలో ‘కర్నూలు జిల్లా నంద్యాల’ అని ఉంది, అది మార్చాలి. 2019లో తీసిన ఫొటో కింద మాత్రం ‘అప్పటి కర్నూలు జిల్లా’ అని వేయండి.

రైతుల పేర్లు పట్టాదారు పాస్ పుస్తకంలో ఎలా ఉంటే అలాగే. ‘లక్ష్మి నారాయణ’ను మనకు బాగుందని ‘లక్ష్మీనారాయణ’ చేయొద్దు. 14వ పేజీలో వెంకటేశ్వర్లు గారు, 41లో వెంకటేశ్వరరావు గారు ఒకరేనేమోనని ఇద్దరికీ ఫోన్ చేశాను. వేర్వేరు మనుషులు, పేర్లు రెండూ సరైనవే. ఇలాంటి అనుమానం వస్తే మార్చకుండా పసుపు రంగు పెట్టి వదిలేయండి, నేను కనుక్కుంటాను.

పంటల పేర్లలో మన వాక్యాలకు మిరప, వేరుశనగ, బత్తాయి వాడండి. అనంతపురం రైతు ‘చీనీ తోట’ అన్నాడు, అది ‘చీనీ’గానే ఉండాలి. తెలంగాణ రైతు ‘పల్లి’ అంటే పల్లి. కొటేషన్ గుర్తుల మధ్య ఉన్నది ఆయన మాట, దాన్ని మనం దిద్దకూడదు.

మార్చే పద్ధతి

దయచేసి ‘రీప్లేస్ ఆల్’ నొక్కకండి. మొదటి ప్రూఫ్‌లో ఎవరో ‘డ్రిప్’ బదులు ‘బిందు సేద్యం’ పెట్టి ఒక్క నొక్కు నొక్కారు. ‘డ్రిప్పర్’లోనూ ‘డ్రిప్’ ఉంది కదా, 18వ పేజీ నిండా ‘బిందు సేద్యంపర్’ అయింది. ‘పైప్’ వెతికినా అంతే, ‘పైప్‌లైన్’ విరిగిపోతుంది. పూర్తి మాట మాత్రమే వెతకమన్నా లాభం లేదు. తెలుగులో విభక్తి మాటకు అతుక్కునే వస్తుంది కాబట్టి ‘డ్రిప్‌తో’, ‘డ్రిప్‌కు’ దొరకవు. ఒక్కొక్కటి చూసి మార్చండి. పొడుగు మాటలు ముందు, పొట్టివి తర్వాత.

ఇంకొకటి, ఇది కంటికి కనిపించదు. ‘పైప్‌లైన్’లో ‘ప్’ తర్వాత U+200C అనే అక్షరం ఉంటుంది. పొల్లును, తర్వాతి అక్షరాన్ని కలవనివ్వకుండా ఆపేది అదే. కొందరు అది లేకుండా టైపు చేయడంతో ‘పైప్లైన్’ అయి, ‘ల’ ఒత్తుగా మారింది. ఒక రూపం వెతికితే రెండోది దొరకదు. రెండూ విడివిడిగా వెతకాలి. పాత ఫాంట్ నుంచి యూనికోడ్‌కు మార్చిన 50 నుంచి 63 పేజీలను వెతుకులాటకు వదలొద్దు, కాగితం మీద ప్రింటు తీసి చదవండి.

పట్టికలు, ఫొటోల కింది మాటలు, బొమ్మల్లోని అక్షరాలు, వెనుక అట్ట ఆఖర్న విడిగా చూడాలి. 33వ పేజీ బొమ్మలో ‘ల్యాటరల్’ బొమ్మలోనే కలిసిపోయి ఉంది. ఆర్టిస్టు మళ్లీ గీయాలి, ఆయనకు ఇప్పటికే చెప్పాను.

ఈ షీట్‌లో లేని మాట ఎదురైతే మీకు తోచింది పెట్టేయకుండా, షీట్ చివర పేజీ నంబరుతో రాయండి. రోజూ సాయంత్రం 4 గంటలకు చూసి తేల్చేస్తాను. తేల్చిన మాట పక్కన తేదీ ఉంటుంది. ఆ తేదీకి ముందు మీరు పూర్తిచేసిన పేజీల్లో ఆ ఒక్క మాట కోసం మళ్లీ వెతకండి.

1 నుంచి 49 పేజీలు బుధవారం, మిగతావి శుక్రవారం మధ్యాహ్నానికి నాకు చేరాలి. ధరల పట్టిక నేనే చూస్తాను, దాన్ని ఎవరూ తెరవొద్దు.

ఎడిటింగ్ డెస్క్